ఈ వారం సమస్య: «గంట మోగె గంతు వేసె»

మల్లేశ్వరం మాస్టారు (నిర్వాహకులు):
సభ్యులకు నమస్కారం. మా మనవరాలు బడి నుంచి నేర్చుకొని వచ్చిన ‘హికరీ డికరీ డాక్’ వింటుండగా ఈ పాదం తట్టింది. 1744లో లండనులో అచ్చయిన పిల్లల పాటల పుస్తకంలోనే ఇది ‘హికెరె, డికెరె డాక్’గా కనిపిస్తుంది. ఆ మొదటి మాటలకు అర్థం లేదు. ఉత్తర ఇంగ్లండులో గొర్రెల కాపరులు ఎనిమిది, తొమ్మిది, పదులకు వాడిన ‘హెవెర, డెవెర, డిక్’ అనే లెక్క నుంచి అవి వచ్చి ఉంటాయని ఒక ఊహ మాత్రం ఉంది. ఎలుక గడియారం ఎక్కడం, గంట కొట్టగానే దిగడం, అంతే కథ. దానిని రెండు మూడేళ్ల పిల్లలు పాడుకొనే తెలుగులోకి తెండి. ఛందస్సు హయప్రచార రగడే, అంటే పాదానికి మూడేసి మాత్రల సూర్యగణాలు నాలుగు. యతి మీ ఇష్టం. ప్రాస, అంత్యప్రాస తప్పనిసరి.

యలహంక తాత:
గంట అనగానే నాకు మా వీధి వినాయకుడి గుడి గుర్తుకు వచ్చింది.

ఇంట లడ్డు లెన్నొ చూసె
గంట మోగె గంతు వేసె

స్వామివారి వాహనమే ఇక్కడి ఎలుక. నైవేద్యపు గంట మోగగానే పళ్లెం మీదికి దూకింది.

మల్లేశ్వరం మాస్టారు:
తాతగారూ, ‘లడ్డులెన్నొ’లో సంధి చాటున ఇకారానికి ఎకారాన్ని యతిగా నిలిపిన తీరు ముచ్చటగా ఉంది. అయితే అడిగినది పాటకు తెలుగు. మీ ఎలుక దిగవలసిన చోట పైకి దూకింది.

జయనగర పద్యప్రియ:
నా పూరణ.

టిక్కు టిక్కు గడియారం
ఎక్కె నెలుక ఒక దారం
ఒంటి యెలుక ఒదిగి చూసె
గంట మోగె గంతు వేసె

పాత గోడ గడియారాలకు బరువులు వేలాడే తాళ్లు ఉండేవి కనుక ‘దారం’ అంత్యప్రాస కోసం తెచ్చిపెట్టినది కాదు. గంట కొట్టినది ఒక్కసారే కనుక ‘ఒంటి’ అనే మాటలో ఆ ఒకటినీ ఇమిడ్చాను. ప్రతి పాదానికి పన్నెండు మాత్రలు, ఎవరైనా లెక్కించుకోవచ్చు.

మల్లేశ్వరం మాస్టారు:
‘ఒంటి’ చమత్కారం చాలా బాగుంది. పిల్లలకు తెలియకపోయినా పెద్దలు నవ్వుకొంటారు.

బసవనగుడి అత్తయ్య:
మాస్టారు క్రిందటి నెలలో ఇదే పద్యప్రియ గారు ‘ట్వింకిల్’ పాటను ‘నక్షత్రమా’ అని ఎత్తుకొన్నప్పుడు కూడా ఇలాగే మెచ్చుకొన్నారు. మొదటి మాటలోనే రెండు సంయుక్తాక్షరాలు పెడితే రెండేళ్ల బిడ్డ నాలుక ఎక్కడ తిరుగుతుందని అప్పుడే అడిగాను. ఈసారి నాలుకకు కష్టం లేదు కాని, చేతికి ఉంది.

మాత్రలు పన్నెండే, కాదనను. కాని ‘గడియారం’ ఆరు మాత్రల మాట అయినంత మాత్రాన మూడు, మూడుగా విరగదు. గణానికి ఒక చప్పట్ల చొప్పున కొట్టి చూడండి: నాలుగవ చప్పట్లు ‘యా’ అనే దీర్ఘం నడుమ పడతాయి. ‘ఒక దారం’లోనూ ‘దా’ నడుమనే పడతాయి. సూర్యగణాలు నడిచే చోట పిల్లలు ప్రతి గణాన్నీ కొత్త అక్షరంతో ఎత్తుకొంటారు. ‘బుర్రుపిట్ట బుర్రుపిట్ట తుర్రుమన్నది’ అనే పాటలో ఏ చప్పట్లూ దీర్ఘం నడుమ పడవు.

అంతకంటె పెద్ద చిక్కు మాస్టారు ఇచ్చిన ఛందస్సులోనే ఉంది. ఇంగ్లీషు పాటలో ‘హికరీ, డికరీ, డాక్’ మూడు దెబ్బలు; నాలుగవది ఖాళీ. ‘మౌస్ రాన్ అప్ ద క్లాక్’ కూడా అంతే. ఆ ఖాళీలోనే బిడ్డ ఊపిరి తీసుకొంటాడు, మోచేతి మీద ఎగబ్రాకే అమ్మ వేళ్లు ఆగుతాయి. గంట కొట్టడం, ఎలుక దిగడం మాత్రం రెండేసి దెబ్బల ముక్కలు. రెండూ కలిస్తే ఖాళీ లేని నాలుగు దెబ్బలు. అంటే మాస్టారు ఇచ్చిన పాదం సరిగ్గా ఆ చోటికే సరిపోతుంది. మిగిలిన పాదాలను కూడా నాలుగు గణాలతో నింపితే ఎలుక ఆగకుండా పరుగెత్తుతుంది, గంట ఎప్పుడు మోగుతుందా అని ఎదురు చూసే అవకాశమే బిడ్డకు ఉండదు.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
నాకు ఛందస్సు రాదు కాని, మా పాపతో ప్రయత్నించాను. దానికి రెండున్నరేళ్లు, శిశువిహారంలో కన్నడం, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. పద్యప్రియ గారి పాటలో ‘గడియాలం’ అని, ‘యా’ దగ్గర చేతులు గాలిలోనే ఆపి నా ముఖం వైపు చూసింది. ‘గంట మోగె గంతు వేసె’ మాత్రం రెండవసారికే పట్టుకొంది, ‘గంతు’ అనగానే నిజంగానే గెంతింది. మేము కింది అంతస్తు వారికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

జయనగర పద్యప్రియ:
ఒక పాప చేతులను బట్టి రగడను దిద్దడం నాకు సమ్మతం కాదు. ‘నక్షత్రమా’ పాట నాలుగేసి మాత్రల చతురశ్రం, ఇది మూడేసి మాత్రల త్రిస్రం. రెండింటినీ కలిపి మాట్లాడడం అత్తయ్య గారికి తగదు. ఖాళీ కావాలంటే వారే పూరించి చూపాలి.

బసవనగుడి అత్తయ్య:
చూపుతాను. గీత ఉన్న చోట నోరు మూసి చప్పట్లు కొట్టాలి.

టిక్కె టిక్కె టెక్కె —
నక్కి యెలుక యెక్కె —
గంట మోగె గంతు వేసె
టిక్కె టిక్కె టెక్కె —

మొదట ‘టిక్కు టిక్కు టక్కు’ అనే వ్రాసుకొన్నాను. దానికి ‘యెక్కె’తో హల్లు కలిసినా అచ్చు కలవలేదు. క్రియను మార్చితే కథ చెడుతుంది; అర్థం లేని మాటను మార్చితే ఎవరికీ నష్టం లేదు, కనుక దానినే వంచాను. ఇంగ్లీషులో ‘మౌస్’కు ముందు దెబ్బకు బయట నిలిచే ‘ద’ ఒకటి ఉంటుంది. మనకు మాట మొదటి అక్షరమే బరువైనది కనుక ఆ ఎత్తుగడ కోసం వెదకకుండా నేరుగా దెబ్బ మీదనే ‘నక్కి’ పెట్టాను. గడియారం పేరు ఎక్కడా లేదు. టిక్కుమనేది, గంట కొట్టేది ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

జయనగర పద్యప్రియ:
మూడు గణాల పాదం హయప్రచారం కాదు. పైగా సమస్యాపాదానికి జంటపాదమే లేదు. ‘గంట’కు ప్రాస ఎక్కడ? ఇది పాట కావచ్చు, పూరణ కాదు. గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెప్పలేదు. నా ‘ఒంటి’ ఆ పని చేసింది.

బసవనగుడి అత్తయ్య:
మీ ‘ఒంటి’ ఎలుకకు తగులుకొంది కాని, గంటకు కాదు. ఒకటి కావాలంటే రెండవ పాదం చివరి ఖాళీలో చప్పట్లకు బదులు ఒక్కసారి ‘ఠంగ్’ అనిపించండి. పెద్ద పిల్లలకు అక్కడే రెండు, మూడు కూడా కొట్టించవచ్చు.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
అక్కడ ‘ఠంగ్’ అంటే మా పాప ‘గంట మోగె’ వరకు ఆగడం లేదండి, ముందే గెంతేస్తోంది.

యలహంక తాత:
మూడు కొట్టాలంటే ఒక్క గణంలో పడతాయి. నాలుగు కొడితే త్రిస్రం ఏమవుతుంది?

మల్లేశ్వరం మాస్టారు:
తాతగారి ప్రశ్న సబబైనదే. పన్నెండు గంటల దాకా వెళ్లే తల్లిదండ్రులు ఉంటే వారి అనుభవం వ్రాయవలసిందిగా కోరుతున్నాను. జంటపాదం లేదన్న ఆక్షేపణ నిలుస్తుంది కనుక పూరణగా పద్యప్రియ గారిదే నమోదు చేస్తున్నాను. మా మనవరాలికి నేర్పుతున్నది మాత్రం అత్తయ్య గారిది.

జయనగర పద్యప్రియ:
నమోదుకు కృతజ్ఞతలు. ‘గడియారం’ బదులు ‘గడియ గంట’ అంటే చప్పట్లు సరిగ్గా పడతాయి. దానికి అంత్యప్రాస కుదిరే రెండవ పాదం వెదుకుతున్నాను. ‘దారం’ పోతుందన్నదే నా బాధ.