పీపీటీలో లేనిది జవాబులో ఉండొచ్చా?

కొత్తబాధ్యత: ఆస్పత్రిలో అడ్మిన్ పని. ఓపీ వెయిటింగ్ తగ్గించడానికి చేసిన ప్రయోగం మీద 14 స్లైడ్ల పీపీటీ ఖరారైంది, శుక్రవారం ట్రస్టీల ముందు పెడతారు. వాళ్లు అడగబోయే ప్రశ్నలు ఊహించి జవాబులు నేను రాయాలి. స్లైడ్లలో ఉన్నది తప్ప ఒక్క ముక్కా కలపొద్దని మా సార్ షరతు. ఇది సరైనదేనా?

బీచ్‌రోడ్: చాదస్తం అండి. ట్రస్టీ అడిగితే "స్లైడ్‌లో లేదు" అంటారా? మీకు తెలిసింది చెప్పేయండి. తెలిసి కూడా చెప్పకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు.

మాచవరం: నా ఎంటెక్ వైవాలో నోరు పెగల్లేదు. ముందురోజు అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేయండి, టెన్షన్ తగ్గుతుంది.

కొత్తబాధ్యత: థాంక్స్ అండి, కానీ మాట్లాడేది నేను కాదు, సారే. నేను కాగితం రాసిస్తానంతే.

పాతఫైలు: షరతు ఎందుకో ముందు చూడండి. ఖరారైన స్లైడ్లలోని అంకెల్ని డాక్టర్లు, అకౌంట్స్‌వాళ్లు చూసి సరే అని ఉంటారు. మీ గుర్తులో ఉన్న అంకెను ఎవరూ చూడలేదు. కానీ సార్ నోట వస్తే అది ఆస్పత్రి మాటే అవుతుంది, మినిట్స్‌లోకి ఎక్కుతుంది. ముఖ్యమైన స్లైడ్లలో ఏముందో కొంచెం చెప్పగలరా?

కొత్తబాధ్యత: 4లో పాత సగటు వెయిటింగ్ 90 నిమిషాలు. 6లో ప్రయోగం నడిచిన నెలలో ఇచ్చిన టోకెన్లు 1,200. 7లో కొత్త సగటు 60 నిమిషాలు. 8లో డాక్టర్‌ని చూసినవాళ్లు 1,140. 10లో ఖర్చు 2.4 లక్షలు. 12లో రెండో బ్రాంచికీ ఇదే పెట్టడానికి అనుమతి అడుగుతున్నాం.

పాతఫైలు: అయితే 12 నుంచి వెనక్కి రండి. అనుమతి అడుగుతున్నది అక్కడ కాబట్టి ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ప్రతి జవాబు పక్కన స్లైడ్ నంబరు వేయండి. నంబరు దొరకని జవాబును కొట్టేసి, అది ఎవరిని అడిగితే తెలుస్తుందో రాయండి.

"ఎంత తగ్గింది?" అంటే మూడో వంతు అని రాయొచ్చు. 4, 7 స్లైడ్ల అంకెలతో చేసిన లెక్కే కదా. "రెండో బ్రాంచిలోనూ ఇంతే తగ్గుతుందా?" అంటే మాత్రం జవాబు లేదు. అక్కడి రద్దీ గురించి మీరు చెప్పినవాటిలో ఏమీ లేదు. ఒక నెల అంకెను పన్నెండుతో గుణించి ఏడాది లాభం చెప్పడం కూడా అంతే. గుణకారం సరిగ్గానే ఉంటుంది, అన్ని నెలలూ ఒకలాగే ఉంటాయన్నది మాత్రం మీరు కలిపిన మాట.

అసలు ప్రశ్న ఇంకోటుంది. 1,200లో 1,140 పోతే 60 మంది ఏమయ్యారు?

బీచ్‌రోడ్: విసిగి వెళ్లిపోయి ఉంటారు. ఏ ఓపీలోనైనా జరిగేదే.

పాతఫైలు: నిజమే కావచ్చు, కానీ స్లైడ్ ఆ మాట చెప్పదు. ఎక్కువసేపు కూర్చుని వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే సగటు దానంతటదే తగ్గుతుంది. ఆ 60 మంది ఒక్కొక్కరు రెండు గంటలు కూర్చున్నారనుకున్నా సగటు 63కే పోతుంది, కొంప మునగదు. అయితే ఆ రెండు గంటలు నా ఊహ, కాగితంలోకి రాకూడదు. ఇలా రాయండి: "6వ స్లైడ్ ప్రకారం టోకెన్లు 1,200, 8వ స్లైడ్ ప్రకారం డాక్టర్‌ని చూసినవారు 1,140. మిగతా 60 మంది 7వ స్లైడ్ సగటులో ఉన్నారో లేదో ఇందులో లేదు. ఓపీ రిజిస్టర్ చూసి సోమవారం చెబుతాం."

బీచ్‌రోడ్: ఇంత పట్టేశాక సోమవారం దాకా ఎందుకండి? రిజిస్టర్ ఇప్పుడే తెప్పించి చూడొచ్చుగా. శుక్రవారం తెల్లమొహం వేయడం కన్నా నయం.

పాతఫైలు: ఆ మాట ఒప్పుకుంటాను. దొరకని జవాబుల జాబితా ఈరోజే సార్ చేతిలో పెట్టాలి. కావాలంటే చివర ఒక స్లైడ్ ఆయనే కలిపిస్తారు. అది ఆయన నిర్ణయం, మీరు జవాబులోకి చాటుగా దూర్చకండి. ప్రయోగానికి ముందు అలా వెళ్లిపోయినవాళ్లు ఎందరో కూడా అడగండి. అది లేకుండా 90ని, 60ని పక్కపక్కన పెట్టడమే కష్టం.

కొత్తబాధ్యత: సార్‌కి చూపించాను. రిజిస్టర్ తెప్పిస్తున్నారు. ఇంకో సందేహం: స్లైడ్ల కింద స్పీకర్ నోట్స్‌లో "కొందరు సాయంత్రం మళ్లీ వచ్చారు" అని ఉంది. అది వాడొచ్చా?

పాతఫైలు: నేనైతే వాడను. నోట్స్‌ని ఎవరూ సరిచూసి ఉండరు. "కొందరు" అంటే ఎందరు అన్నదే తర్వాతి ప్రశ్న.

బీచ్‌రోడ్: నేను వాడతాను. ఫైల్లో ఉందంటే పీపీటీలో ఉన్నట్టే. షరతు పెట్టినప్పుడు మీ సార్ నోట్స్ వద్దని చెప్పలేదుగా.