అప్‌డేట్: రాత్రిళ్లు ఫ్లూ ఎందుకు ముదురుతోందో తెలిసింది

నేను అడిగింది: "పగలు పర్వాలేదనిపించే ఫ్లూ, పడుకోగానే ఎందుకింత ఎక్కువవుతోంది?"

మూడు రోజులు పారాసిటమాల్ వేసుకునే ముందు జ్వరం చూసి రాసుకున్నాను. రెండో రోజు ఉదయం 7కి 99.4, రాత్రి 9కి 101.6. డాక్టరుగారికి చూపిస్తే, వైరస్ రాత్రికి బలపడిందని కాదన్నారు. ఒంట్లో వేడి మామూలుగానే సాయంత్రానికి కాస్త పెరుగుతుంది, జ్వరం దాని మీద తోడవుతుంది. పైగా వాపును అణచిపెట్టే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో తెల్లవారాక ఎక్కువ, అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువ. ఆ అదుపు సడలగానే, వైరస్‌తో పోరాడుతూ రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లనే రసాయనాలు చెలరేగుతాయి. చలి, ఒళ్లు నొప్పులు వాటివల్లే ఎక్కువ. అంటే నన్ను బాధపెట్టింది చాలావరకు నా శరీరం చేస్తున్న పోరాటమే!

దగ్గు సంగతి వేరు. వెల్లకిలా పడుకుంటే ముక్కులోని రక్తనాళాలు ఉబ్బి దారి మూసుకుపోతుంది, చీమిడి గొంతులోకి జారుతుంది. తల ఒక్కటే ఎత్తితే మెడ పట్టేసింది. వీపు కింద నుంచి ఏటవాలుగా దిండ్లు పెట్టాక, నిన్న దగ్గుతో ఒక్కసారే లేచాను. జ్వరం మాత్రం దిండ్లతో తగ్గలేదు.

కూర్చున్నా ఆయాసం వస్తుంటే మాత్రం రాత్రి కదా అని సరిపెట్టుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.