ప్యాకెట్‌లో బొద్దింక వీడియో వైరల్ అయింది, క్షమాపణ ప్రకటనలో ఏం రాయాలి?

పెద్దాపురం శ్రీను
మా మావయ్యకి మిక్చర్, కారప్పూస, చెక్కలు చేసే చిన్న యూనిట్ ఉంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల కిరాణా కొట్లకి సరుకు వెళ్తుంది. నిన్న రాత్రి ఒకావిడ మా మిక్చర్ ప్యాకెట్‌లో బొద్దింక ఉందని వీడియో పెట్టారు. తెల్లారేసరికి మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో అదే తిరుగుతోంది. "మా దగ్గర ఇలా జరిగే అవకాశమే లేదు, ఇది పోటీదారుల పని" అని మావయ్య ఒక ప్రకటన రాయించారు. మధ్యాహ్నంలోగా పేజీలో పెట్టమంటున్నారు. నాకు అది సరిగ్గా అనిపించడం లేదు, కానీ ఎదురుచెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

సైతామా ప్రవీణ్
శ్రీను గారూ, దయచేసి ఆ మొదటి వాక్యం పెట్టనివ్వకండి. నేనుండే జపాన్‌లో సరిగ్గా ఆ మాటే చెప్పి ఒక కంపెనీ ఎలా చిక్కుల్లో పడిందో ఇక్కడ చాలామందికి గుర్తుంది.

పెయాంగ్ అని ఇక్కడ బాగా పేరున్న ఇన్‌స్టంట్ యాకిసోబా, అంటే ఒక రకం నూడుల్స్, ఉంది, చదరపు డబ్బాలో వస్తుంది. గున్మా ప్రాంతంలో ఇసేసాకి ఊళ్లో మరుకా ఫుడ్స్ అనే కంపెనీ చేస్తుంది. 2014 డిసెంబర్ 2న ఒకతను నూడుల్స్‌లో బొద్దింక ఉన్న ఫోటో ట్విట్టర్‌లో పెట్టాడు. తయారీలో అలాంటిది కలవడం ఊహించలేమని కంపెనీ మొదట్లో చెప్పింది. కంపెనీవాళ్లు అతన్ని కలిశారు, ఆ తర్వాత ఆ పోస్టు కనబడలేదు. తీసేయమని వాళ్లే అడిగారన్న మాట బయటికి రావడంతో అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా తిట్టడం మొదలుపెట్టారు. బొద్దింక కన్నా ఆ పోస్టు మాయమవడమే ఎక్కువ మందికి కోపం తెప్పించిందని నా అభిప్రాయం.

ఆ డబ్బా తయారైన రోజే, అదే లైన్‌లో తయారైన రెండు రకాలను డిసెంబర్ 4న, సుమారు 46 వేల డబ్బాలను వెనక్కి తీసుకుంటామన్నారు. బయటి సంస్థతో పరీక్ష చేయిస్తే పురుగు వేడికి గురైన ఆనవాళ్లు కనిపించాయి. డిసెంబర్ 11న తయారీలో కలిసి ఉండే అవకాశాన్ని కాదనలేమని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, మొత్తం ఉత్పత్తి, అమ్మకం ఆపేశారు. మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది 2015 జూన్‌లో. అంటే ఆరు నెలలు షెల్ఫ్ ఖాళీ.

రమణమూర్తి
ఇంత దూరం ఎందుకు? మన మ్యాగీ చూడండి. 2015లో సీసం ఉందని గొడవ అయింది, నెస్లే వాళ్లు క్షమాపణ చెప్పి సరుకంతా వెనక్కి తీసుకున్నారు, కొన్ని నెలల్లో మళ్లీ వచ్చారు. జనం మర్చిపోయారు. శ్రీను, మీ మావయ్యని కూడా ఒక సారీ చెప్పి ఊరుకోమనండి.

లక్ష్మి క్యూసీ
రమణమూర్తి గారూ, వెనక్కి తీసుకున్న మాట నిజమే, కానీ మ్యాగీ విషయంలో వాళ్లు తప్పు ఒప్పుకోలేదు. మా నూడుల్స్ సురక్షితమే అంటూనే సరుకు వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది జూన్ 5న ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అమ్మకాలు ఆపమని ఆదేశం ఇచ్చింది. ఆగస్టులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన వినలేదని, పరీక్షించిన ల్యాబులకు గుర్తింపు లేదని కోర్టు తప్పుపట్టింది. మళ్లీ పరీక్షలు చేయించాకే నవంబర్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. అక్కడ వివాదమంతా ల్యాబ్ అంకెల మీద. శ్రీను గారి దగ్గర ఉన్నది కంటికి కనిపించే పురుగు. రెండూ ఒకటి కాదు.

నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీలో పనిచేస్తాను. ప్రవీణ్ గారు చెప్పిన "వేడికి గురైన ఆనవాళ్లు" అన్న మాటే ఇక్కడ అసలు కీలకం. పురుగు ఒంట్లో కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు వస్తాయి. నూనెలో వేగినా, ఓవెన్‌లో కాలినా ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, బుడగలు రావు. ఇది ఖరీదైన పరీక్ష కాదు, కానీ ల్యాబ్‌లో తెలిసినవాళ్లే చేయాలి. ఇంట్లో ప్రయత్నించి ఉన్న ఒక్క పురుగునీ పాడుచేయకండి.

అయితే మీ మావయ్య దీన్ని పట్టుకుని "బుడగలు వచ్చాయి, కాబట్టి కస్టమర్ ఇంట్లోనే పడింది" అంటే పొరపాటే. మిక్చర్ వేగాక ట్రేల్లో ఆరుతుంది, కారం, ఉప్పు, కరివేపాకు కలుస్తాయి, ఆ తర్వాతే ప్యాకింగ్. వేయింపు తర్వాత జరిగే ఈ పనంతా మీ యూనిట్‌లోనే కదా. రాత్రి ట్రేల మీద గుడ్డ కప్పకుండా వదిలేస్తే పురుగు అక్కడే పడొచ్చు. బుడగలు వస్తే నూనెలో వేగలేదని మాత్రమే తెలుస్తుంది, ఎవరి చేతుల్లో ఉండగా పడిందో తెలియదు.

హారిక వైజాగ్
నాకూ ఇలాగే అయిందండీ! కారం ప్యాకెట్‌లో వెంట్రుక వచ్చింది. షాపువాడు ప్యాకెట్ మార్చి ఇచ్చాడు కానీ నేను ఊరుకోదలచుకోలేదు. నష్టపరిహారం ఎంత అడగొచ్చు? కంపెనీ క్షమాపణ లెటర్ ఇవ్వాల్సిందేనా?

లక్ష్మి క్యూసీ
హారికా, శ్రీను గారు అవతలి వైపు నుంచి అడుగుతున్నారమ్మా, అయినా చెప్తాను. ప్యాకెట్ తిరిగి ఇచ్చేశావు కాబట్టి ఇప్పుడు నీ చేతిలో ఆధారం లేదు. ఈసారి వస్తే ప్యాకెట్, బ్యాచ్ నంబర్, బిల్లు దాచుకుని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు ఇవ్వు. ఆహారంలో అన్యపదార్థం ఉందని తేలితే చట్టం ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అది ప్రభుత్వానికి వెళ్తుంది, నీకు కాదు. నీకు పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి.

సుబ్బు గుంటూరు
లక్ష్మి గారూ, ఒక సందేహం. ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో మరిగే నీళ్లు పోసేది కస్టమరే కదా. ఆ వేడికి కూడా ఎంజైమ్ పోతుంది కదా? అలాంటప్పుడు జపాన్ కేసులో "వేడికి గురైంది" అని తేలినా కంపెనీ తప్పని ఎలా అంటారు?

లక్ష్మి క్యూసీ
మంచి ప్రశ్న. ఒక్క కాటలేజ్ పరీక్షతో దానికి జవాబు దొరకదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వేడి తగలకపోయినా ఎక్కువ రోజులు నిల్వ ఉంటే ఎంజైమ్ తనంతట తనే తగ్గిపోతుంది. కాబట్టి బుడగలు వస్తే నమ్మొచ్చు, రాకపోతే వెంటనే తీర్పు చెప్పలేం. అప్పుడు పురుగు నూడుల్స్ ముద్ద లోపల ఇరుక్కుందా, పైన ఉందా, దాని ఒంట్లోకి నూనె ఇంకిందా అని చూడాలి. జపాన్ కంపెనీ "కలిసింది" అనలేదు, "కాదనలేం" అంది. ఎక్కడ, ఎలా పడిందో తేలకపోయినా ఆ ఒక్క మాట మీద మొత్తం ఉత్పత్తి ఆపింది. ఆ ప్రకటనలో నాకు నచ్చింది అదే. రుజువయ్యేదాకా బాధ్యత వాయిదా వేయలేదు.

సుబ్బు గుంటూరు
నాకు మాత్రం రుజువు లేకుండా ఆరు నెలలు మూసుకోవడం ఎక్కువే అనిపిస్తోంది. శ్రీను గారి మావయ్యలాంటి చిన్న యూనిట్ ఆరు నెలలు మూస్తే మళ్లీ తెరవదు. పనివాళ్ల సంగతేంటి?

సైతామా ప్రవీణ్
సుబ్బు గారు చెప్పింది కాదనను. పెయాంగ్‌కి నలభై ఏళ్ల ముద్దు ఉంది కాబట్టి జనం ఎదురుచూశారు, తిరిగి వచ్చినప్పుడు కొట్లలో ఎగబడి కొన్నారు. అందరికీ అలా జరగదు. కానీ వాళ్లు ఆ ఆరు నెలలు ఊరికే కూర్చోలేదు. పాత డబ్బాకి మూత పైన అమర్చి, చుట్టూ ప్లాస్టిక్ కవర్ వేసేవారు. దాన్ని మానేసి, పాలపొడి డబ్బా మీద రేకులా అంచుల చుట్టూ అతుక్కునే సీల్ మూత పెట్టారు. కొత్త డబ్బా చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఏం మార్చారో కస్టమర్ కళ్లతో చూడగలగడం ఎంత పెద్ద క్షమాపణైనా చేయలేని పని చేసింది.

లక్ష్మి క్యూసీ
మన దగ్గర కూడా ఇలాంటిది ఉంది. 2003లో మహారాష్ట్రలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు వచ్చినప్పుడు కొట్లలో నిల్వ సరిగ్గా లేదని కంపెనీ చెప్పింది. అందులో కొంత నిజం ఉండొచ్చు. అయినా మరుసటి ఏడాది రేపర్ మార్చి సీల్ గట్టిపరిచాకే గొడవ చల్లారింది. కొట్టువాడి మీద నెట్టితే కస్టమర్‌కి ఒరిగేది ఏమీ లేదు. ఆ కొట్లో నిలవగలిగే ప్యాకెట్ చేయడం కంపెనీ పనే.

శ్రీను గారూ, ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు ఆవిడని మర్యాదగా కలవండి. వీడియో తీసేయమని మాత్రం అడగకండి. ప్యాకెట్ చూపించమని అడిగి ఫోటోలు తీసుకోండి, బ్యాచ్ నంబర్ రాసుకోండి. ప్యాకెట్‌కి కన్నం ఉందేమో భూతద్దంతో చూడండి. కొరికిన గీతలు ఏ వైపు ఉంటే పురుగు ఆ వైపు నుంచి వచ్చినట్టు. పురుగునీ ప్యాకెట్‌నీ ఆవిడ ఎదుటే సీల్ చేసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపండి. అదే బ్యాచ్‌లో మీరు దాచిన శాంపిల్ ఉంటే తెరవకుండా ఉంచండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి అడిగేలోపు మీరే ఫోన్ చేసి చెప్పడం మంచిది.

పెద్దాపురం శ్రీను
అందరికీ చాలా థ్యాంక్స్. మావయ్యకి జపాన్ సంగతి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పోటీదారుల మాట తీసేయమన్నారు. దాచిన శాంపిల్ లేదు, ఇప్పటిదాకా మేం దాచడం లేదు. ప్యాకెట్ మీద తేదీ ఉంది కానీ బ్యాచ్ నంబర్ లేదు. ఆవిడని సాయంత్రం కలుస్తాం. ఇది కొత్త ముసాయిదా, చూడండి:

"మా మిక్చర్ ప్యాకెట్‌లో బొద్దింక కనిపించిందని ఒక కస్టమర్ వీడియో ద్వారా తెలిపారు. ఆవిడకీ, మా సరుకు కొనే అందరికీ క్షమాపణలు. అది ఎక్కడ కలిసిందో ఇంకా తెలియదు, మా యూనిట్‌లో కలిసిందని తేలే అవకాశం ఉంది. ఆ తేదీ ఉన్న మిక్చర్ ప్యాకెట్లు కొట్లనుంచి వెనక్కి తీసుకుంటున్నాం. మీ దగ్గర ఉంటే తినకండి, కొన్న కొట్లో ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు. పరీక్ష ఫలితం రాగానే ఇక్కడే పెడతాం."

లక్ష్మి క్యూసీ
బాగుంది. "ఆ తేదీ" అని కాకుండా ప్యాకెట్ మీద ఉన్న తేదీని అంకెల్లో రాయండి, అది ఎక్కడ ముద్రించి ఉందో ఫోటో కూడా పెట్టండి, లేకపోతే జనం అన్ని ప్యాకెట్లూ పట్టుకొస్తారు. ఇంకోటి, ఆ రోజు అదే ట్రేల మీద కారప్పూస కూడా ఆరిందా? ఆరితే అదీ వెనక్కి తీసుకోవాలి.

పెద్దాపురం శ్రీను
ఆరింది. చెక్కలు కాదు గానీ, కారప్పూస అవే ట్రేలు. మావయ్యని అడిగి చేరుస్తున్నాను.