రోజుకి రెండు గంటలే ఖాళీ: ట్యూషనా, డేటా ఎంట్రీనా?

అశోక్‌నగర్ రూమ్‌మేట్: గ్రూప్-2కి ఫుల్‌టైమ్ చదువుతున్నా. సాయంత్రం రెండు గంటలు ఖాళీ. మెస్ బిల్లు వెళ్తే చాలు. ఇంట్లోంచి చేసే డేటా ఎంట్రీ ఒకటి దొరికింది, రిజిస్ట్రేషన్ 1,500 కట్టమంటున్నారు. కట్టనా, ట్యూషన్ చూసుకోనా?

లెక్కల మాస్టారు: ఆ 1,500 కట్టకండి. పనిచ్చేవాడు డబ్బు అడగడు. ఈ ఫారాలు నింపే డేటా ఎంట్రీ పని ఎలా నడుస్తుందంటే, ముందు తప్పులు రెండు శాతం దాటకూడదని ఒప్పందం మీద సంతకం తీసుకుంటారు. తర్వాత పంపే స్కాన్ కాపీలు సగం మసకే. గడువు దాటిందనో, తప్పులు ఎక్కువనో ఫెయిల్ చేస్తారు. ఆపైన లాయరు పేరుతో వాట్సాప్‌లో నోటీసు వస్తుంది. బెదిరి కట్టేవాళ్ల డబ్బే వాళ్ల రాబడి.

ట్యూషనే చూడండి. కానీ పదో తరగతి మాథ్స్ ఒప్పుకోకండి, ముందురోజు మీరే అరగంట చేసుకోవాల్సి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు మాథ్స్, సోషల్ అయితే ప్రిపరేషన్ అక్కర్లేదు. శాతాలు, నిష్పత్తులు పేపర్-1లో డేటా ఇంటర్‌ప్రిటేషన్‌కి ఎలాగూ కావాలి.

లెక్క చూడండి. ఒక పిల్లాడికి 3,000 ఇస్తారనుకుందాం. నెలకి 24 రోజులు, రోజూ గంట పాఠం, రానూపోనూ 40 నిమిషాలు. మొత్తం 40 గంటలు, అంటే గంటకి 75. అదే ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురిని ఒకే ఇంట్లో కూర్చోబెట్టి తలా 1,200 తీసుకుంటే అదే 40 గంటలకి 4,800. గంటకి 120.

కీబోర్డు కింగ్: డేటా ఎంట్రీ అంతా మోసం అనకండి. డీటీపీ సెంటర్లలో తెలుగు టైపింగ్ పేజీ లెక్కన ఇస్తారు, రిజిస్ట్రేషన్ గిజిస్ట్రేషన్ ఉండదు. అను స్క్రిప్ట్ వస్తే చాలు.

లెక్కల మాస్టారు: నిజమే, ఆ పని అసలైనదే. కానీ పెళ్లిపత్రికల సీజన్‌లో రాత్రికి రాత్రి కావాలంటారు, మామూలు రోజుల్లో అసలుండదు. నెలనెలా కట్టే మెస్ బిల్లుకి అది సరిపడదు.

ఓరుగల్లు కుర్రోడు: నడకని పని గంటల్లో కలపడం ఏంటి సార్? నడుస్తూ కరెంట్ అఫైర్స్ ఆడియో వినొచ్చు. మీ 75 రూపాయలు తప్పు. 24 గంటలకి 3,000, అంటే గంటకి 125.

లెక్కల మాస్టారు: చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా సాయంత్రం ఆరింటికి నడుస్తూ ఎంత వింటారో తర్వాత రాసి చూసుకోండి. నడక తగ్గించే దారి వేరే ఉంది. వారానికి ఆరు రోజులకి బదులు మూడు రోజులు, రోజుకి గంటన్నర అడగండి. నెలకి నడక 16 గంటల నుంచి 8 గంటలకి దిగుతుంది. పాఠం 24 నుంచి 18 గంటలవుతుంది, ఫీజు కొంచెం తగ్గించి చెప్పండి.

సుజాత_కోఠి: ఏజెన్సీ ద్వారా మాత్రం వెళ్లొద్దు. నాకు మొదటి నెల ఫీజులో సగం కమీషన్ పట్టుకున్నారు. రెండో నెల ఆ ఇంటివాళ్లే మానేశారు. ఏజెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు.

ఓరుగల్లు కుర్రోడు: సార్ ఇంకా నా ప్రశ్నకి జవాబివ్వలేదు. నడక పనా కాదా?

పాత కాపు: పరీక్షకి చదివేవాడు చదవాలి. ఆ రెండు గంటలు రివిజన్‌కి పెట్టు.

ఓరుగల్లు కుర్రోడు: మీకు నెలనెలా ఇంటి నుంచి డబ్బొచ్చింది కాబట్టి అంటారు. ఇరవై ఆరేళ్లొచ్చి మెస్ బిల్లుకి నాన్నకి ఫోన్ చేస్తే, ఆ రోజు చదివింది బుర్రకెక్కదు.

పాత కాపు: సరే, నీ బాధ అర్థమైంది. అయినా ఏడాది ఆలస్యమైతే పోయేది ఏడాది జీతం. మెస్ బిల్లు దాని ముందెంత?

లెక్కల మాస్టారు: మీరిద్దరూ ఇప్పుడు అసలు విషయానికొచ్చారు. దానికి నా దగ్గర లెక్క లేదు. ఒక హెచ్చరిక మాత్రం: కమీషన్ ఇస్తామని మీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు అడిగితే ఎంతిచ్చినా వద్దు. సైబర్ మోసం డబ్బు దాన్లోంచి పోతే కేసు మీ పేరు మీద. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గడి ఉంటుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చేయండి.

అశోక్‌నగర్ రూమ్‌మేట్: డబ్బు కట్టలేదు, ఆ నంబర్ బ్లాక్ చేశా. పక్క వీధిలో అన్నదమ్ములు, ఆరు, ఎనిమిది తరగతులు. సోమ, బుధ, శుక్రవారాలు అడుగుతా. పరీక్ష తేదీ వస్తే ఏం చెప్పాలి?

లెక్కల మాస్టారు: ఇప్పుడే చెప్పేయండి, చివరి 45 రోజులు రానని. అప్పుడు చెప్తే ఆ నెల ఫీజు ఆపేస్తారు. ఫీజు ప్రతి నెల ఐదో తేదీలోపు ముందుగానే తీసుకోండి. ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే బడి జూన్‌లో గాని తెరవరు. ఆ మధ్య రాబడి సున్నా, మెస్ బిల్లు మామూలే. ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టండి.

ఓరుగల్లు కుర్రోడు: పక్క వీధే అయితే నడక రెండు నిమిషాలు. ఇప్పుడైనా ఒప్పుకోండి సార్.