వీడియో శీర్షికలో ఎమోజీలు: ఎన్ని, ఎక్కడ?

చక్రధారి: సైకిల్ మరమ్మతు వీడియోలు పెడుతుంటాను. తాజా శీర్షిక ఇది: "🔥🔥😱 🚲 చైన్ 5 నిమిషాల్లో మార్చండి 🔥". ఎమోజీలు లేకపోతే ఎవరూ చూడరని ఒక మిత్రుడు, ఉంటే సెర్చ్‌లో దొరకదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ముక్కుసూటి: ఎమోజీ కనిపిస్తే చాలు, యూట్యూబ్ ఆ వీడియోను కిందికి తోసేస్తుంది. అన్నీ పీకేయండి.

పాత ఎడిటర్: తోసేస్తుందనడానికి ఆధారమేదీ నేను చూడలేదు. అసలు నష్టం వేరే. ఈ శీర్షికలో "సైకిల్" అనే మాటే లేదు, దాని స్థానంలో బొమ్మ కూర్చుంది. జనం "సైకిల్ చైన్ మార్చడం" అని టైపు చేసి వెతుకుతారు గానీ బొమ్మ పెట్టి వెతకరు. వివరణ కూడా సెర్చ్‌కు పనికొస్తుంది కాబట్టి వీడియో మాయమైపోదు, అయినా శీర్షిక తన పని చేయడం లేదు.

ఇక చోటు సంగతి. శీర్షికకు 100 అక్షరాలే పరిమితి, ఫోను జాబితాలో అవి కూడా పూర్తిగా కనిపించవు. పైగా తెలుగులో గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. "సైకిల్" కంటికి మూడక్షరాలే, కంప్యూటర్‌కు ఆరు. ఇంత ఇరుకులో మొదటి చోటును మంటలకు ఇవ్వడం దేనికి? "సైకిల్ చైన్ 5 నిమిషాల్లో మార్చడం ఎలా? 🚲" అని రాయండి.

రంగులరాట్నం: నేను థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం పెడతాను. అదీ తప్పేనా?

పాత ఎడిటర్: అది చిత్రం. ఇక్కడ మాట్లాడుతున్నది టైపు చేసే శీర్షిక గురించి.

శ్రోత: నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో వింటాను. అది ప్రతి ఎమోజీ పేరునూ పలుకుతుంది. మీ శీర్షికలో రెండు మంటలు, ఒక భయపడిన ముఖం, ఒక సైకిల్ విన్నాక గానీ "చైన్" రాదు. ఆ లోపే తరువాతి వీడియోకు వెళ్లిపోతాను. వివరణలో పనిముట్ల జాబితాకు ప్రతి వరుస ముందూ ✅ పెట్టేవాళ్లు మరీ విసిగిస్తారు. అక్కడ చిన్న గీత చాలు.

చక్రధారి: వివరణలో నేనూ అలాగే పెట్టాను, మారుస్తాను. మరి చివరి 🚲 వల్ల క్లిక్‌లు పెరుగుతాయా?

పాత ఎడిటర్: కొన్ని చానళ్లకు పెరగవచ్చు. యూట్యూబ్ స్టూడియోలో క్లిక్ రేటు చూడండి. అయితే పాత వీడియో శీర్షిక మార్చి ముందూ వెనుకా పోలిస్తే మోసపోతారు, ఎందుకంటే మొదటి రోజుల్లో వచ్చేవాళ్లు వేరు, తరువాత వచ్చేవాళ్లు వేరు. ట్రాఫిక్ మూలాల్లో యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే ఏ మాటలతో వెతికి వచ్చారో తెలుస్తుంది. ఆ మాటలు శీర్షికలో ఉన్నాయో లేవో ముందు సరిచూసుకోండి.

శ్రోత: చివర ఒకటి ఉంటే నాకు అభ్యంతరం లేదు. విషయం అప్పటికే వినేసి ఉంటాను.

ముక్కుసూటి: పని చెప్పేసిన శీర్షికకు ఆ తోక ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.