చీజ్ సాస్‌లో ఒకవైపు తీగలు, మరోవైపు నూనె: ఏం చేయాలి?

స్రవంతి_కూకట్‌పల్లి
పిల్లలకి పాస్తాలోకి చీజ్ సాస్ చేస్తున్నాను. పావు లీటరు పాలు, 150 గ్రాముల చెడార్, 50 గ్రాముల మొజరెల్లా. పాలు మరుగుతుండగా తురుము వేసి తిప్పితే చీజంతా గరిటెకి ముద్దలా చుట్టుకుంటోంది, ఎత్తితే జానెడు తీగ సాగుతోంది. గిన్నెలో మిగిలేది పల్చటి పాలు, పైన పసుప్పచ్చ నూనె. ఇంకాసేపు ఉడికిస్తే కలుస్తుందేమోనని ఉంచితే ముద్ద రబ్బరైంది. అదే మామూలు స్లైస్ చీజ్ వేస్తే చక్కగా కరిగిపోతుంది. ఖరీదైన చీజ్‌కే ఎందుకీ తంటా?

గోదారి_గట్టు
నూనె తేలిందంటే అది అసలు చీజ్ కాదండీ, పామాయిల్ కలిపిన సరుకు. బ్రాండ్ మార్చి చూడండి.

సాస్_సెక్షన్
గోదారి గారూ, పామాయిల్‌తో చేసే నకిలీ చీజ్ మార్కెట్లో ఉన్న మాట నిజమే. కానీ నూనె తేలడం దానికి గుర్తు కాదు. మంచి చెడార్‌లో దాదాపు మూడో వంతు వెన్నే. ఎక్కువ వేడి చేస్తే ఎంత అసలైనదైనా నూనె కక్కుతుంది. నేను హోటల్ కిచెన్‌లో పనిచేస్తాను, ఇది రోజూ చూసేదే.

స్రవంతి గారూ, చీజ్‌లో పాల ప్రోటీన్ వలలా అల్లుకుని ఉంటుంది, ఆ వల కన్నుల్లో కొవ్వూ నీళ్లూ చిక్కుకుని ఉంటాయి. వల పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేది కాల్షియం. గోరువెచ్చటి వేడికే కొవ్వు కరుగుతుంది. ఇంకొంచెం వేడెక్కితే వల వదులై చీజ్ పారుతుంది. మీకు కావాల్సింది ఆ దశే. అక్కడ ఆగకుండా మరిగిస్తే ప్రోటీన్ బిగుసుకుని, లోపలున్న నీళ్లనీ కొవ్వునీ బయటికి పిండేస్తుంది. మీ గరిటెకి చుట్టుకున్న ముద్ద ఆ బిగుసుకున్న ప్రోటీనే. పైన తేలింది దాన్నుంచి పిండిన వెన్న.

తీగల సంగతి కొంచెం వేరు. మొజరెల్లా లాంటి లేత చీజ్‌లో ప్రోటీన్ పోగులు పొడుగ్గా, చెక్కుచెదరకుండా ఉంటాయి, అందుకే సాగుతుంది. నెలల తరబడి మాగిన చెడార్‌లో అవి ముక్కలైపోయి ఉంటాయి. తీగ తక్కువ, కానీ కొవ్వుని పట్టి ఉంచే బలం కూడా తక్కువ, కాబట్టి నూనె తొందరగా వదులుతుంది. మీరు రెండూ కలిపి మరిగే పాలల్లో వేశారు, రెండు సమస్యలూ ఒకేసారి వచ్చాయి.

నెల్లూరు_నవ్య
నాకైతే ఉల్టా సమస్య! ఇంట్లో పిజ్జా చేస్తే తీగలే రావట్లేదు. పనీర్ తురిమి వేశాను, కరగనే లేదు. ఇంకా వేడి పెంచాలా?

సాస్_సెక్షన్
నవ్య గారూ, పనీర్‌ని ఎంత కాల్చినా కరగదు, ఎండిపోతుందంతే. మరిగిన పాలని నిమ్మరసంతో విరిచేసరికి అందులోని కాల్షియం కొంత విరుగుడు నీళ్లలోకి పోతుంది, ప్రోటీన్ వేరే పద్ధతిలో గడ్డకడుతుంది, ఆ గడ్డ వేడికి వదులవదు. తీగలు కావాలంటే మొజరెల్లానే వాడాలి.

స్రవంతి_కూకట్‌పల్లి
మరి నా సాస్‌కి మార్గం? మైదా వేయమంటారా? మా అత్తయ్య కూడా అదే అంటున్నారు.

డాలస్_డైనింగ్
మీ అత్తయ్య గారి మాటే రైటు. నేను మైదాతోనే చేస్తాను. వెన్న ఒక టేబుల్ స్పూను, మైదా రెండు టేబుల్ స్పూన్లు, పచ్చివాసన పోయేదాకా వేయించి పావు లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. చిక్కబడి ఒక ఉడుకు వచ్చాక స్టవ్ ఆపేసి, ఒక్క నిమిషం ఆగి, అప్పుడు చీజ్ పిడికెడు పిడికెడు వేయాలి. పిండి వేస్తే ఇక చీజ్‌ని ఎంత మరిగించినా ఏమీ కాదు.

సాస్_సెక్షన్
చివరి వాక్యం తప్ప మిగతాదంతా కరెక్ట్. పిండి ఉడికితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, సాస్ చిక్కబడుతుంది. ఆ చిక్కదనంలో కొవ్వు బొట్లు ఒకదాన్నొకటి వెతుక్కుని కలవలేవు, ప్రోటీన్ కూడా తొందరగా ముద్ద కట్టలేదు. కానీ కాల్షియం పట్టు మాత్రం అలాగే ఉంటుంది. అంటే పిండి ప్రమాదాన్ని ఆలస్యం చేస్తుంది, తీసేయదు. చీజ్ వేశాక బుడగలొచ్చేలా మరిగిస్తే ఆ సాస్ కూడా ఇసకలా విరుగుతుంది. అలాగే పిండి ముందే ఉడికి ఉండాలి, పచ్చి కార్న్‌ఫ్లోర్‌ని చివర్లో చల్లితే సుద్ద రుచి తప్ప లాభం లేదు.

స్రవంతి_కూకట్‌పల్లి
స్లైస్ చీజ్ ఎందుకు విరగదో ఎవరూ చెప్పలేదు.

సాస్_సెక్షన్
ప్యాకెట్ వెనక చూడండి, ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్ అని 331, 339 లాంటి నంబర్లు ఉంటాయి. 331 అంటే సోడియం సిట్రేట్, 339 సోడియం ఫాస్ఫేట్. ఇవి ప్రోటీన్ పోగుల మధ్య ఉన్న కాల్షియాన్ని లాక్కుని సోడియం ఇస్తాయి. కాల్షియం పోయేసరికి వల విడిపోయి ప్రోటీన్ నీళ్లలో కలుస్తుంది, అదే వెళ్లి కొవ్వు బొట్ల చుట్టూ పొరలా పట్టుకుంటుంది. అంటే ముందు సాస్‌ని విరగ్గొట్టిన ప్రోటీనే ఇక్కడ దాన్ని కాపాడుతోంది. 1911లో స్విట్జర్లాండ్‌లోని థున్‌లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు సిట్రేట్‌తో మొదటి ప్రాసెస్డ్ చీజ్ చేశారు. అక్కడ చీజ్ కరిగించి బ్రెడ్ ముంచుకుని తినే ఫాండ్యూలో వైన్ పోయడంలో కూడా కొంత ఇదే కిటుకు ఉంది. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టుకుని తీగలు తగ్గిస్తుంది.

మీ 200 గ్రాముల చీజ్‌కి 6 గ్రాముల సోడియం సిట్రేట్ సరిపోతుంది. ముందు దాన్ని పాలల్లో కరిగించి, ఆవిరి వచ్చేదాకా వేడి చేసి, మంట తగ్గించి చీజ్ కొద్దికొద్దిగా వేస్తూ విస్క్‌తో తిప్పండి. మైదా అక్కర్లేదు.

కెమిస్ట్రీ_కిరణ్
సిట్రేట్ దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చండీ. 5 గ్రాముల నిమ్మ ఉప్పు, 6 గ్రాముల వంటసోడా తీసుకుని, ఆ పావు లీటరు పాలల్లో కాకుండా విడిగా అరకప్పు నీళ్లలో కలపండి. బుసబుసా పొంగుతుంది, పెద్ద గిన్నె వాడండి. పొంగు ఆగాక వేడి చేసి ఆ నీళ్లని పాలల్లో పోయండి, అంత మేర పాలు తగ్గించండి. నేరుగా పాలల్లో నిమ్మ ఉప్పు వేస్తే పాలు విరుగుతాయి. సోడా కాస్త తక్కువైనా ఫర్వాలేదు, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

డాలస్_డైనింగ్
నేను సిట్రేట్ వాడి చూశాను. సాస్ నున్నగా వచ్చింది కానీ ఏదో ప్యాకెట్ చీజ్‌లా అనిపించింది. మైదా సాస్‌కే నా ఓటు.

సాస్_సెక్షన్
మోతాదు ఎక్కువైతే అలాగే ఉంటుంది, ఉప్పదనం కూడా వస్తుంది. అందుకే సిట్రేట్ వాడితే విడిగా ఉప్పు చివర్లో, రుచి చూశాకే వేయాలి. నా నాలుకకి మాత్రం మైదానే చెడార్ ఘాటుని మూసేస్తుంది. ఇది మీ ఇష్టం, నా ఇష్టం.

గోదారి_గట్టు
పామాయిల్ సంగతి ఒప్పుకున్నాను. ఇప్పటికే విరిగిపోయిన సాస్‌ని పారబోయాలా?

సాస్_సెక్షన్
నూనె మాత్రమే తేలి, ముద్ద ఇంకా మెత్తగా ఉంటే స్టవ్ మీంచి దించి, రెండు మూడు చెంచాల వేడి పాలు పోసి బ్లెండర్‌లో తిప్పండి, చాలాసార్లు కలుస్తుంది. సిట్రేట్ ఉంటే చిటికెడు ఆ పాలల్లోనే కరిగించండి. ముద్ద రబ్బరైపోతే మాత్రం సాస్ కాదు. సన్నగా తరిగి బ్రెడ్ మీద వేసి కాల్చేయండి.

స్రవంతి_కూకట్‌పల్లి
రేపు మొజరెల్లా మానేసి, నిమ్మ ఉప్పు పద్ధతి చేసి చూస్తాను. ఒక్క డౌటు: మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే?

నెల్లూరు_నవ్య
నాకు మైదా సాస్ మర్నాటికి గడ్డలా అయిపోయింది. పాలు పోసి వేడి చేస్తే సర్దుకుంది. సిట్రేట్‌ది తెలిసినవాళ్లు చెప్పండి.