అప్‌డేట్: ఇంట్లోవాళ్ల కోసం రాసిన వ్యాసం పత్రికకు పంపాను

నా పాత ప్రశ్న: "నాన్న పోయాక అక్కాతమ్ముళ్ల కోసం రాసుకున్న వ్యాసం ఇది. పత్రికకు పంపాలంటే ఏం మార్చాలి?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పని చేసింది ఒక్కటే: మా కుటుంబం గురించి ఏమీ తెలియని మనిషితో చదివించడం. ఆఫీసులో ఒకావిడకు ప్రింటు ఇచ్చి, "అభిప్రాయం వద్దండీ, ఎక్కడ ఆగి వెనక్కి చూశారో అక్కడ గీత పెట్టండి చాలు" అన్నాను. మొదటి పేజీలోనే ఆరు గీతలు. వాటిలో నాలుగు గీతలు పేర్ల దగ్గరే. చిన్నోడు, పెద్దమ్మ, బాబీ అని రాసుకుంటూ పోయాను, ఎవరు ఎవరో చెప్పలేదు. కథకు అక్కర్లేని వాళ్లను తీసేశాను. మిగిలింది నాన్న, అక్క, నేను.

అసలు లోపం ఇంకోచోట ఉంది. "ఆసుపత్రిలో ఆ రాత్రి అక్క ఏం చేసిందో తెలిసిందే కదా" అని ఒక్క వాక్యంతో దాటేశాను. మాకు తెలుసు, చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అక్కడ ఇలా రాశాను: "అక్క నాన్న కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ ఆయన జేబులోనే పెట్టింది." పంపే ముందు అక్కకు చదివి వినిపించాను. ఆసుపత్రి బిల్లు గొడవ తీసేయమంది, తీసేశాను.

భాష గ్రాంథికంగా మార్చడం, శీర్షిక గురించి పడ్డ టెన్షన్ అనవసరం. శీర్షిక ఎలాగూ ఎడిటర్ గారే మార్చారు. చివరి పేరా కూడా కొట్టేశారు, అందులో నాన్న గొప్పతనం మళ్లీ చెప్పానట. వచ్చే నెల సంచికలో వస్తోంది.